రెండో కొమ్మ మీద రాసే అంకె

అందరికీ నమస్కారం. కావలి చుట్టుపక్కల బళ్ళ నుంచి వచ్చిన లెక్కల టీచర్లమే ఇక్కడ కూర్చున్నాం కాబట్టి, సంభావ్యత పాఠమంతా మళ్ళీ చెప్పను. పేపర్లు దిద్దేటప్పుడు మన కన్ను కూడా దాటిపోయే ఒక్క తప్పు గురించే మాట్లాడతాను.

ఈ గుడ్డసంచిలో ఐదు ఎర్ర బంతులు, మూడు తెల్ల బంతులు ఉన్నాయి. చూడకుండా ఒకటి తీయాలి. దాన్ని తిరిగి సంచిలో వేయకుండా ఇంకొకటి తీయాలి. ‘తిరిగి వేయకుండా’ అన్న మాట పిల్లల తలకెక్కడానికి నేను మలై కాజా పెట్టె సంగతి చెబుతుంటాను. నెల్లూరు నుంచి తెచ్చిన పెట్టెలో ఎనిమిది కాజాలున్నాయి, ఒకడు ఒకటి తిన్నాడు. తిన్నది మళ్ళీ పెట్టెలోకి రాదు కదా! రెండోవాడు చెయ్యి పెట్టేసరికి ఉన్నవి ఏడే. ఈ మాట అన్నాక క్లాసులో కాసేపు లెక్క సాగదనుకోండి, అది వేరే సంగతి.

ఇక బోర్డు మీద చెట్టు గీద్దాం. ఎడమ పక్కన ఒక చుక్క పెట్టి రెండు కొమ్మలు లాగండి. పైది ఎర్ర, దాని మీద 5/8. కిందిది తెల్ల, దాని మీద 3/8. ఇక్కడ దాదాపు ఎవరూ తప్పు చేయరు.

పై కొమ్మ చివరికి రాగానే చాక్‌పీసు ఆపాలి. సంచిలో ఇప్పుడేం మిగిలింది? ఎర్రవి నాలుగు, తెల్లవి మూడు. నేను పిల్లల చేత కొమ్మ చివర చిన్న అక్షరాలతో ‘ఎ 4, తె 3’ అని రాయిస్తాను. ఆ మిగులు చూసుకునే తర్వాతి కొమ్మల మీద 4/7, 3/7 వేయాలి. కింది కొమ్మ చివర సంచి వేరు. అక్కడ పోయింది తెల్లది, కాబట్టి ‘ఎ 5, తె 2’. ఆ కొమ్మల మీద 5/7, 2/7.

హారం తగ్గించడం మరచి 4/8, 3/8 అని రాస్తే, ఆ రెండు కొమ్మలూ కూడితే 7/8 వస్తుంది. ఒకే చుక్క నుంచి బయల్దేరిన కొమ్మల మొత్తం 1 కావాలి కాబట్టి వెంటనే దొరికిపోతారు. దొరకనిది ఇంకొకటుంది. పైన రాసిన 4/7, 3/7నే కిందకూ దించేయడం. కూడితే 1 వస్తుంది, తప్పేమీ లేనట్టే ఉంటుంది.

ఒకసారి బోర్డు మీద నేనే ఇలా రాశాను. కూడి చూసుకుని సరిపోయిందనుకున్నాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, “సార్, తెల్లది తీస్తే ఎర్రది ఎందుకు తగ్గింది?” అంది. బోర్డు తుడుచుకోక తప్పలేదు.

చివరి జవాబులన్నీ కూడినా ఈ తప్పు బయటపడదు. సరైన చెట్టులో దారి వెంట గుణిస్తే ఎర్ర-ఎర్ర 20/56, ఎర్ర-తెల్ల 15/56, తెల్ల-ఎర్ర 15/56, తెల్ల-తెల్ల 6/56. మొత్తం 56/56. తప్పు చెట్టులో 20, 15, 12, 9. కూడండి, అదీ 56 అవుతుంది!

దాన్ని పట్టుకోవాలంటే మధ్యలోని రెండు దారులు చూడాలి. ఎర్ర తర్వాత తెల్ల వచ్చినా, తెల్ల తర్వాత ఎర్ర వచ్చినా పైన 5, 3 గుణించుకుంటాయి, కింద 8, 7. కాబట్టి ఆ రెండూ సమానం కావాలి. తప్పు చెట్టులో ఒకటి 15, ఇంకొకటి 12. అక్కడ గుట్టు రట్టవుతుంది. అందుకే భిన్నాలను చివరిదాకా కుదించొద్దంటాను. 20/56ను మధ్యలోనే 5/14 చేసేస్తే ఈ పోలిక కంటికి ఆనదు.

అయితే ఈ పరీక్షకూ ఒక లోటుంది. బంతి తీసిన సంగతే మరచి అన్నిచోట్లా 5/8, 3/8 రాసేసిన పిల్లవాడికి మధ్య దారులు రెండూ 15/64 వస్తాయి, సమానమే. అక్కడ హారం చూడాలి. 64 కనబడితే వాడు బంతిని తిరిగి సంచిలో వేసేశాడన్నమాట.

‘రెండు రంగుల్లో ఒక్కొక్కటి వచ్చే సంభావ్యత ఎంత’ అని అడిగితే 15/56 రాసి ఊరుకునేవాళ్ళూ ఉంటారు. దారులు రెండు, కాబట్టి 30/56, అంటే 15/28.

ఇప్పుడు సంచి ముందు వరుస నుంచి పంపిస్తున్నాను. ఇద్దరిద్దరు చొప్పున ఒక్కో బంతి తీసి, ఏం మిగిలిందో కాగితం మీద రాసుకోండి. మొదట తీసినవారు మాత్రం రెండోవారు తీసేదాకా బంతిని జేబులో ఉంచుకోవాలి, సరేనా?