రోజుకు రెండు ఇళ్లే

పరిశోధన కోసం రైతు ఆత్మహత్యలు జరిగిన ఇళ్లలో మాట్లాడటానికి వెళ్తున్నారు కాబట్టి, ప్రశ్నావళి సంగతి పక్కనపెట్టి ఈ పూట మీ గురించి మాట్లాడుకుందాం.

ప్రమాదాల అంచనా అనగానే ఎండ, రోడ్డు, పాము అని రాసేస్తారు. అవీ కావాలి. కానీ ఆ ఇంటికి ఆర్డీవో, డీఎస్పీ ఉండే విచారణ కమిటీ అప్పటికే వచ్చి వెళ్లి ఉంటుంది. ఎక్స్‌గ్రేషియా రాని ఇల్లైతే, ఫైలుతో వచ్చిన మీరూ ప్రభుత్వం మనుషులే అనుకుంటారు. ఆశ పెట్టుకుంటారు, లేదా కోప్పడతారు. అప్పు ఎక్కడ తెచ్చారని మీరు అడుగుతుంటే, అప్పిచ్చినాయన వచ్చి అరుగు మీద కూర్చోవచ్చు. అప్పుడు ఏ ప్రశ్న ఆపాలో, ఎవరు ముందు లేవాలో బయల్దేరకముందే కాగితం మీద ఉండాలి. ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఇంట్లోకి వెళ్లేముందు, బయటికొచ్చాక కోఆర్డినేటర్‌కు మెసేజ్ పెట్టండి. చెప్పిన టైము దాటి అరగంటైతే ఆయనే ఫోన్ చేయాలి, గంటైతే ఊళ్లో ముందే మాట్లాడిపెట్టుకున్న మనిషిని ఇంటికి పంపాలి.

ఇక మనసు సంగతి. ఒక్కో ఇంట్లో గంటన్నర పడుతుందనుకుందాం. టైము చాలుతుందని నాలుగిళ్లు పెట్టుకుంటారు. అక్కడే దెబ్బతింటారు. రెండు చాలు, మూడు రోజులకొకసారి ఇంటర్వ్యూల్లేని రోజు ఒకటి. ఇంటర్వ్యూ చేసే మనిషి అలసిపోయాడని అతని మాటకంటే ముందు రికార్డింగే చెబుతుంది. మొదటి వారం తొంభై నిమిషాలు సాగిన ఇంటర్వ్యూ మూడో వారానికి నలభైకి పడిపోతుంది. తెరిచి చూస్తే, "ఆ రోజు పొద్దున ఏం జరిగింది" అన్న ప్రశ్న దగ్గరే దాటేసి ఉంటాడు. పురుగుమందు డబ్బా ఇంకా చూరులోనే ఉందని ఒక ఇంట్లో తల్లి చెప్పిన మాట మళ్లీ వినలేకే ఆ దాటవేత. దాన్ని బద్ధకం కింద లెక్కేసి మందలిస్తే, మర్నాటి నుంచి దాచిపెడతాడు.

పని ముగిశాక సాయంత్రం కూర్చుని మాట్లాడుకునే డీబ్రీఫింగ్ అంటే విన్నదంతా మళ్లీ వరసగా చెప్పించడం కాదు. ఘటన జరిగిన వెంటనే ఒక్క విడతలో అంతా చెప్పించే పద్ధతి మీద 2002లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్ష వచ్చింది. తర్వాతి మానసిక గాయాన్ని అది ఆపినట్టు ఆధారం దొరకలేదు. పైగా కొందరికి కీడే జరిగి ఉండొచ్చని తేలింది. అందుకే ఇరవై నిమిషాల్లో మూడు సంగతులు చాలు: ఈరోజు ఏది బరువుగా అనిపించింది, రాత్రి ఎలా గడుస్తోంది, రేపటి పనిలో ఏం మార్చాలి. చెప్పనంటే వదిలేయండి. ఈ మాటలు అడిగేది మార్కులేసే గైడ్ కాకూడదు, అతని ముందు ఎవరూ నోరు విప్పరు. నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటితే కౌన్సెలర్ దగ్గరికి పంపండి, ఆ ఖర్చు బడ్జెట్‌లో ముందే రాయండి. రాత్రిపూట అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది.

ఆడియో రాసిపెట్టేవాళ్లని అందరూ మరిచిపోతారు. ఊరికి వెళ్లకపోయినా, ఆ ఏడుపు హెడ్‌ఫోన్లలో పదేపదే వెనక్కి తిప్పి వినేది వాళ్లే. ఫైలు పేరు పక్కన "18వ నిమిషం నుంచి మరణం వివరాలు" అని రాసివ్వండి. ఆ భాగం పగటిపూట, పక్కన మనుషులున్నప్పుడు రాసుకుంటారు.