నాలుగు లెగ్గులు, ఆరు వరుసలు: ఎక్సెల్‌లో పేఆఫ్ గ్రాఫ్

అందరికీ నమస్కారం. ఆప్షన్ పేఆఫ్ గ్రాఫ్‌లు గీసిచ్చే సైట్లు చాలానే ఉన్నాయి. అయినా ఒక్కసారి మన చేత్తో గీస్తే, ఆ గీత ఎక్కడ ఎందుకు వంగిందో అర్థమవుతుంది. ఈరోజు ఒకే ఒక్క ఉదాహరణ తీసుకుందాం. నిఫ్టీ 25000 దగ్గర ఉందనుకుని ఒక ఐరన్ కాండర్ వేద్దాం. ప్రీమియాలు నేను లెక్క కోసం వేసుకున్నవే.

24500 పుట్ 40కి కొన్నాం, 24700 పుట్ 75కి అమ్మాం. 25300 కాల్ 80కి అమ్మాం, 25500 కాల్ 45కి కొన్నాం. షీట్‌లో 2 నుంచి 5 వరకు వరుసల్లో, ఇదే క్రమంలో, B కాలమ్‌లో స్ట్రైక్, C లో ప్రీమియం, D లో పరిమాణం రాయండి. కొంటే 1, అమ్మితే -1. మైనస్ గుర్తు ఇక్కడ తప్ప ఇంకెక్కడా రాకూడదు. దీని సంగతి మళ్లీ చెప్తాను.

కింద 10వ వరుస నుంచి A కాలమ్‌లో ఎక్స్‌పైరీ రోజు నిఫ్టీ ధరలు ఉంటాయి. B నుంచి E వరకు ఒక్కో లెగ్‌కి ఒక్కో కాలమ్. మొదటి పుట్‌కి B10 లో, మొదటి కాల్‌కి D10 లో ఇలా రాయాలి:

```
=$D$2*(MAX($B$2-$A10,0)-$C$2)
=$D$4*(MAX($A10-$B$4,0)-$C$4)
```

మిగతా రెండు లెగ్గులకీ ఇవే ఫార్ములాలు, వరుస నంబరు 3, 5 గా మారుతుంది, అంతే. F10 లో `=SUM(B10:E10)`. పుట్‌కీ కాల్‌కీ తేడా ఒక్కటే, దేనిలోంచి దేన్ని తీసేస్తున్నాం అన్నది. డాలర్ గుర్తులు మరిచిపోతే మొదటి వరుస సరిగ్గానే వస్తుంది. కిందికి లాగగానే ఒక లెగ్ పక్క లెగ్ స్ట్రైక్‌ని చదవడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు A లో ఏ ధరలు రాయాలి? చాలామంది 24000 నుంచి 50 చొప్పున పెంచుకుంటూ నలభై వరుసలు రాస్తారు. అవసరం లేదు. ఎక్స్‌పైరీలో ఈ గీత స్ట్రైక్‌ల దగ్గరే వంగుతుంది, మధ్యలో అంతా తిన్నగానే ఉంటుంది. కాబట్టి నాలుగు స్ట్రైక్‌లు, అటు 24000, ఇటు 26000, మొత్తం ఆరు ధరలు చాలు. స్ట్రైక్‌లని టైప్ చేయకుండా A11 లో `=B2` అని లింక్ చేస్తే, రేపు స్ట్రైక్ మార్చినా గీత దానంతటదే సర్దుకుంటుంది.

అడుగు పెద్దదైతే ఏమవుతుందో చూడండి. 300 చొప్పున వెళ్తే 24600 తర్వాత 24900 వస్తుంది, 24700 దగ్గరి మూల మాయమైపోతుంది. 24600 దగ్గర 30 పాయింట్ల నష్టం, 24900 దగ్గర 70 లాభం. ఆ రెంటినీ కలిపితే గీత సున్నాని 24690 దగ్గర దాటుతుంది. అసలు బ్రేక్ ఈవెన్ 24630. అరవై పాయింట్ల అబద్ధం!

చార్ట్ రకంలో Line తీసుకోకండి. దానికి ధరల మధ్య దూరం పట్టదు, ఆరింటినీ సమాన దూరంలో పేర్చేస్తుంది. Scatter with Straight Lines తీసుకోండి. Smooth అన్నది కూడా వద్దు, మూలలని గుండ్రంగా చేసి లేని లాభం చూపిస్తుంది.

F కాలమ్‌లో రావాల్సినవి: -130, -130, 70, 70, -130, -130. అమ్మగా వచ్చింది 155, కొనడానికి పోయింది 85, చేతిలో మిగిలింది 70. స్ట్రైక్‌ల మధ్య 200 లోంచి ఆ 70 తీసేస్తే 130. రూపాయల్లో కావాలంటే చివర్లో లాట్ సైజుతో గుణించండి. అది ఫార్ములాలో కాకుండా వేరే సెల్‌లో ఉండాలి, ఎందుకంటే ఎక్స్ఛేంజ్ దాన్ని మారుస్తూ ఉంటుంది. 2024 చివర్లో నిఫ్టీ లాట్ 25 నుంచి 75 అయింది.

ఇక ఆ మైనస్ సంగతి. మొదట్లో నేను అమ్మిన లెగ్‌లకి పరిమాణంతో పాటు ప్రీమియం పక్కన కూడా మైనస్ పెట్టాను. డబ్బు వచ్చింది కదా, గుర్తు మారాలనుకున్నాను. గ్రాఫ్ ఆకారం అచ్చం కాండర్‌లాగే వచ్చింది, కానీ నడిమి బల్ల -240 దగ్గర! వచ్చిన 155 పోయినట్టు లెక్కపడి, మొత్తం గీత 310 పాయింట్లు కిందికి జారింది. ఎంత టెన్షన్ పడ్డానో. అప్పటి నుంచి నా పద్ధతి ఇది: ఆకారం సరిగ్గా ఉండి ఎత్తు తేడాగా ఉంటే ముందు ప్రీమియం చూస్తాను. ఆకారమే తప్పితే స్ట్రైక్, పరిమాణం, కాల్‌కి పుట్ ఫార్ములా పడిందేమో చూస్తాను.

ఫ్యూచర్ కూడా కలపాలంటే MAX తీసేసి, A10 లోంచి కొన్న ధర తీసి, పరిమాణంతో గుణిస్తే సరి. క్యాలెండర్ స్ప్రెడ్‌కి మాత్రం ఈ షీట్ పనికిరాదు. దగ్గరి నెల ఆప్షన్ ముగిసే రోజుకి దూరపు నెల దానిలో ఇంకా టైమ్ వాల్యూ మిగిలే ఉంటుంది, MAX కి అది కనిపించదు. బ్రోకరేజీ, పన్నులు కూడా ఇందులో లేవు. ఈ కాండర్‌లో నాలుగు ఆర్డర్ల ఖర్చు ఆ 70 లోంచే పోతుంది.