ఊరి పెత్తనం ఎవరిది? మీటింగుకు రాని సంగతి చెప్పే జవాబు

[తెరపై: అమెరికా పటం, కనెక్టికట్ రాష్ట్రంలో న్యూ హేవెన్ నగరం]

1953లో న్యూ హేవెన్‌లోని హిల్ అనే కార్మికుల పేటలో ఒక కాంట్రాక్టరు లోహపు ఇళ్లు కడతానన్నాడు. ఎన్నడూ రాజకీయాల జోలికి పోని ఆ పేటవాళ్లు సంఘం పెట్టుకుని, నగర పాలకుల మీద ఒత్తిడి తెచ్చి ఆ పని ఆపించారు.

యేల్ ప్రొఫెసర్ రాబర్ట్ డాల్ 1961 నాటి తన పుస్తకంలో ఈ కథ చెప్పాడు. పట్టణ పునర్నిర్మాణం, స్కూళ్లు, పార్టీ అభ్యర్థుల ఎంపిక: ఈ మూడింట్లో ఎవరి మాట నెగ్గిందో ఒక్కో నిర్ణయం పట్టుకుని చూశాడు. ఒక రంగంలో చక్రం తిప్పినవాళ్లు మరో రంగంలో పెద్దగా కనిపించలేదు. మూడింట్లోనూ కనిపించింది ఎక్కువగా మేయరే. అధికారం ఒకే గుంపు చేతిలో లేదు, చాలా చేతుల్లో చెదిరి ఉందన్నాడు. ఇదే బహుళవాదం.

అంతకుముందే, 1956లో, సామాజిక శాస్త్రవేత్త రైట్ మిల్స్ దీనికి ఎదురు మాట చెప్పాడు. పెద్ద నిర్ణయాలన్నీ కార్పొరేట్, సైనిక, రాజకీయ శిఖరాల మీదున్న కొద్దిమందివే అన్నాడు. అట్లాంటా నగరాన్ని పరిశోధించిన ఫ్లాయిడ్ హంటర్ అయితే, ఊళ్లో పలుకుబడి ఎవరికుందో తెలిసినవాళ్లనే అడిగి 40 మంది జాబితా తయారు చేశాడు. పేరున్నంత మాత్రాన అధికారం ఉన్నట్టు కాదని డాల్ వాదన.

నాకూ చాలాకాలం డాల్ మాటే సబబనిపించింది. గేరీ కథ చదివేదాకా.

[తెరపై: ఇండియానా రాష్ట్రం, పక్కపక్కనే గేరీ, ఈస్ట్ షికాగో; పొగ గొట్టాలు]

రెండూ ఉక్కు ఊళ్లే, రెండింటి గాలీ పొగే. ఈస్ట్ షికాగో 1949లోనే కాలుష్య చట్టం తెచ్చింది. గేరీలో అది 1962 దాకా రాలేదు. ఎందుకని ఆరా తీసినవాడు మాథ్యూ క్రెన్సన్ అనే రాజనీతి పరిశోధకుడు. ఈస్ట్ షికాగోలో కంపెనీలు చాలా ఉన్నాయి. గేరీకి మాత్రం యు.ఎస్. స్టీల్ ఒక్కటే దిక్కు, ఆ ఊరిని పుట్టించిందే ఆ కంపెనీ. అది ఎవర్నీ బెదిరించలేదు, చట్టానికి గట్టిగా అడ్డూ పడలేదు. ఏళ్ల తరబడి ఏమీ అనకుండా ఊరుకుంది. దానికి ఏం కోపం వస్తుందోనని ఊరి నాయకులే ముందుగా వెనక్కి తగ్గారు. డాల్ కొట్టిపారేసిన ఆ 'పేరే' ఇక్కడ పని చేసింది!

డాల్ పద్ధతిలో గేరీని చూస్తే ఏం దొరుకుతుంది? తీర్మానం లేదు, ఓటు లేదు, ఓడినవాడు లేడు. కంపెనీ పెత్తనం ఆ లెక్కలోకే రాదు.

జనానికి గాలి కంటే ఉద్యోగమే ముఖ్యమేమో కదా అని బహుళవాదులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. గేరీని ఒక్కదాన్నే చూస్తే దానికి జవాబు చెప్పలేం. పక్క ఊళ్లోనూ ఉక్కు కార్మికులే, వాళ్లకీ ఉద్యోగం కావాలి. అయినా అక్కడ చట్టం 13 ఏళ్ల ముందే వచ్చింది.