చెక్కు బౌన్సు నోటీసుకు పదిహేను రోజుల్లో జవాబు
(ఉండి ప్రాంత ఆక్వా రైతుల సమావేశంలో ఒక న్యాయవాది ప్రసంగ పాఠం)

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

లీగల్ నోటీసులు చాలా రకాలు. ఈ రోజు నేను ఒకే ఒక్క దాని గురించి మాట్లాడతాను. ఉండి, కాళ్ల, ఆకివీడు వైపు రొయ్యల చెరువులు చేసేవారి ఇంటికి ఎక్కువగా వచ్చేది చెక్కు బౌన్సు నోటీసు. మేత అరువు మీద తెచ్చుకుంటాం. డీలరు హామీగా ఒక చెక్కు అడుగుతాడు. మొత్తం రాయకుండా, తేదీ వేయకుండా సంతకం పెట్టి ఇచ్చేస్తాం. తెల్లమచ్చ వచ్చి పంట పోయిన ఏడాది ఆ చెక్కు బ్యాంకుకు వెళుతుంది.

దీనికి చట్టం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షను. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల లోపల డీలరు మీకు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. అది అందిన నాటి నుంచి చెక్కు మొత్తం కట్టడానికి మీకు 15 రోజులు ఉంటాయి. ఆ గడువు దాటితే, తర్వాతి నెల రోజుల లోపల అతను కోర్టులో ఫిర్యాదు వేయవచ్చు. నోటీసు 23వ తేదీ జూలైలో అందిందనుకోండి, మీ గడువు ఆగస్టు 7తో ముగుస్తుంది. అందుకే కవరు పారేయకండి. దాని మీద అందిన తేదీ రాసి, నోటీసుతో కలిపి పిన్ను పెట్టండి.

పోస్ట్‌మ్యాన్ వస్తే తీసుకోకుండా తిప్పి పంపితే గండం గడిచిపోతుందని చాలామంది నమ్ముతారు. గడవదు. సరైన చిరునామాకు పంపిన నోటీసును తిరస్కరించినా, అది అందినట్టే భావించవచ్చని సుప్రీంకోర్టు 2007లో అలవి హాజీ కేసులో స్పష్టం చేసింది. తిప్పి పంపినవారికి నోటీసులో ఏముందో తెలియదు, గడువు మాత్రం గడిచిపోతుంది.

ఇప్పుడు జవాబు సంగతి. ఒక ఉదాహరణ తీసుకుందాం. నాలుగెకరాల చెరువు చేసే రైతు ఒక పంటకు 9,40,000 రూపాయల మేత అరువు తెచ్చాడు. మార్చిలో 3,00,000 బ్యాంకు ద్వారా కట్టాడు. ఏప్రిల్ పట్టుబడి సొమ్ములో 2,50,000 రొయ్యలు కొన్న వ్యాపారి నేరుగా డీలరు ఖాతాలో వేశాడు. మిగిలిన బాకీ 3,90,000. డీలరు మాత్రం తన దగ్గరున్న ఖాళీ చెక్కులో 9,40,000 అని నింపి జూలైలో బ్యాంకులో వేశాడు. చెక్కు తిరిగొచ్చింది, నోటీసు వచ్చింది.

ఈ రైతుకు మొదట తోచే మాట, 'చెక్కు మీద రాత నాది కాదు, ఖాళీగా ఇచ్చాను' అన్నది. అది ఒక్కటే పెట్టుకుంటే నిలబడదు. సంతకం మీదైతే, మిగతాది ఎవరు నింపినా ఆ చెక్కు బాకీ కోసమే ఇచ్చారని కోర్టు మొదట ఊహిస్తుంది. 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆ ఊహ తప్పని చూపించాల్సిన బాధ్యత సంతకం పెట్టినవారిదే. కనుక బలమంతా లెక్కలో ఉంది. చెక్కు ఇచ్చిన తర్వాత, బ్యాంకులో వేయకముందు కొంత బాకీ తీరితే, ఆ సంగతి చెక్కు మీద నమోదు చేసి మిగిలిన దానికే దాన్ని వాడుకోవాలి. అలా చేయకుండా పూర్తి మొత్తానికి వేస్తే, చెక్కు మొత్తం అసలు బాకీ కంటే ఎక్కువైనందువల్ల 138 కింద నేరం కాదని 2022లో దశరథ్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మన రైతుకు అక్కరకొచ్చేది ఇదే. ఈ మాట జవాబులో, తేదీలతో సహా, మొదటిసారే రావాలి. అతని జవాబులో కీలకమైన పేరా ఇలా ఉండాలి:

'మీరు పంపిన నోటీసు నాకు జూలై 23న అందింది. అందులో చెప్పిన చెక్కును గత నవంబరులో మేత అరువు ఖాతా మొదలుపెట్టినప్పుడు, మొత్తం, తేదీ రాయకుండా హామీగా ఇచ్చాను. ఖాతా మొత్తం 9,40,000 రూపాయలలో మార్చి 12న 3,00,000 బ్యాంకు ద్వారా చెల్లించాను. ఏప్రిల్ 28 పట్టుబడి సొమ్ములో 2,50,000 కొనుగోలుదారు మీ కక్షిదారు ఖాతాలో జమ చేశారు. ఈ రెండు చెల్లింపులూ చెక్కును బ్యాంకులో వేయడానికి ముందే జరిగాయి. వీటిని చెక్కు మీద నమోదు చేయలేదు. చెక్కులో రాసిన మొత్తం ఆ నాటికి నేను బాకీ ఉన్న మొత్తం కాదు. ఖాతా నకలు పంపవలసిందిగా కోరుతున్నాను.'

దీనికి పైన చెక్కు నంబరు, నోటీసు తేదీ, పంపిన లాయరు పేరు. నోటీసులోని ప్రతి పేరాకూ ఏది నిజం, ఏది కాదు అని విడివిడిగా చెప్పాలి. బ్యాంకు చెల్లింపుల లావాదేవీ నంబర్లు వేయాలి. లేని మాట ఒక్కటి కూడా వద్దు. 'ఆ డీలరు ఎవరో నాకు తెలియదు' అని రాసిన జవాబు, మీరే పంపిన వాట్సాప్ సందేశం కోర్టులో బయటపడగానే మిగతా నిజాన్ని కూడా ముంచేస్తుంది.

మరో జాగ్రత్త. భయంలో 'మొత్తం ఇచ్చేస్తాను, రెండు నెలలు గడువు ఇవ్వండి' అని రాసేస్తారు. అది బాకీ ఒప్పుకున్న పత్రం అవుతుంది. బాకీ కాలపరిమితి ఇంకా దాటకపోతే, సంతకం చేసిన ఆ ఒప్పుకోలుతో పరిమితి మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. ఇక మన రైతుకు 3,90,000 బాకీ నిజంగానే ఉంది. వీలుంటే ఆ మొత్తానికి డిమాండ్ డ్రాఫ్టు జవాబుతోనే పంపడం మంచిదని నా అభిప్రాయం. అప్పుడు సివిల్ దావాకు కూడా పెద్దగా మిగిలేది ఉండదు. మొత్తం చెక్కు సొమ్మూ న్యాయంగా బాకీ అయితే వాదన వద్దు. 15 రోజుల్లో బ్యాంకు ద్వారా కట్టి చెక్కు వెనక్కి తీసుకోండి, క్రిమినల్ కేసు పుట్టదు. నోటీసులో లాయరు ఫీజు, వడ్డీ విడిగా అడిగినా, 138 కేసు తప్పడానికి కట్టవలసింది చెక్కు మొత్తమే.

జవాబును లాయరే రాయాలన్న నిబంధన లేదు. రాసినవారు ఎవరైనా, స్పీడ్ పోస్టులో నోటీసు పంపిన లాయరుకు, నకలు డీలరుకు పంపి, రసీదులూ అందిన రుజువూ దాచుకోండి.

జవాబు ఇవ్వకపోతే? మౌనం వల్లే శిక్ష పడదు, విచారణలో వాదించుకోవచ్చు. కానీ 2010 నాటి రంగప్ప కేసులో, నిందితుడు నోటీసుకు జవాబు ఇవ్వకపోవడాన్ని సుప్రీంకోర్టు అతనికి వ్యతిరేకంగానే లెక్కించింది. ఏప్రిల్‌లో కట్టిన సొమ్ము గురించి రెండేళ్ల తర్వాత మొదటిసారి బోనులో చెబితే, 'అప్పుడే ఎందుకు చెప్పలేదు?' అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. పైగా నేరం ఒప్పుకోనని చెప్పిన దశలోనే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా తాత్కాలిక పరిహారం కట్టమని కోర్టు ఆదేశించవచ్చు. మన రైతు విషయంలో అది 1,88,000 రూపాయల వరకు ఉంటుంది. తప్పకుండా వేయాలని లేదు, వేసే అధికారం ఉంది. అందుకే కోర్టు ముందు మీ లెక్క మొదటి నుంచీ ఉండాలి. శిక్ష పడితే రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. అప్పీలుకు వెళ్లినా విధించిన సొమ్ములో కనీసం 20 శాతం డిపాజిట్ చేయమనవచ్చు. సమన్లకు కూడా వెళ్లకపోతే వారెంటు వస్తుంది.

15 రోజులు ఇప్పటికే దాటినవారు కూడా ఇక్కడ ఉండవచ్చు. ఆలస్యంగానైనా అదే లెక్కతో జవాబు పంపండి. నిజంగా నోటీసు అందనివారు సమన్లు అందిన 15 రోజుల్లో చెక్కు మొత్తం కట్టి, ఆ సంగతి కోర్టుకు చెప్పుకోవచ్చు. కేసు నడుస్తుండగా కూడా ఇరువురూ రాజీ పడవచ్చు, లోక్ అదాలత్‌లో ఇవి రోజూ పరిష్కారమవుతున్నాయి. లాయరు ఫీజు భారమైతే మండల న్యాయ సేవల కమిటీని అడగండి, లేదా 15100కు ఫోను చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది.