పరిగెత్తేవాడు కెమెరా ఎందుకు పారేయడు?

రవళి: అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి నేను రవళి, పక్కన ఎడిటర్ మధు అన్న. ఈ రోజు టాపిక్ ఫౌండ్ ఫుటేజ్ హారర్. అంటే ఎవరో తీసిన వీడియో తర్వాత దొరికింది, అదే మనం చూస్తున్నాం అని చెప్పే సినిమాలు. అన్నా, నాదొక్కటే డౌట్. వెనక నుంచి ప్రాణం తీసేది వస్తుంటే కెమెరా పట్టుకుని పరిగెత్తేవాడు ఉంటాడా? పారేసి పోడూ?

మధు: హాల్లో ఆ డౌట్ వచ్చిందంటే భయం పోయినట్టే. మామూలు సినిమాలో కెమెరా ఎవరు పట్టుకున్నారని ఎవరూ అడగరు. ఇక్కడ అది పాత్రల చేతిలో ఉన్న వస్తువు. కాబట్టి కథ రెండింటికి జవాబు చెప్పాలి. కెమెరా ఎందుకు ఆన్ చేశారు? ఎందుకు ఆపలేదు? మొదటిది తేలికే. రెండోదాని దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

రవళి: బోల్తా పడని సినిమా ఒకటి చెప్పండి.

మధు: 2007లో వచ్చిన స్పెయిన్ సినిమా ‘రెక్’. జౌమె బలగెరో, పాకో ప్లాసా కలిసి తీశారు. చూడనివాళ్లు ఇక్కడ ఆపేయండి, క్లైమాక్స్ కూడా చెప్పేస్తాను. ఏంజెలా అనే టీవీ రిపోర్టర్, కెమెరామన్ పాబ్లో, రాత్రి డ్యూటీలో ఉన్న ఫైర్ సిబ్బంది మీద ప్రోగ్రామ్ చేస్తుంటారు. బార్సిలోనాలో ఒక అపార్ట్‌మెంట్ నుంచి కాల్ వస్తే వాళ్లతో పాటు వెళ్తారు. అంటే కెమెరా ఆన్‌లో ఉండటం వాళ్ల ఉద్యోగం.

రవళి: సరే, అక్కడ మనుషులు మనుషుల్ని కరవడం మొదలయ్యాక?

మధు: అప్పుడు కారణం మారుతుంది. అధికారులు బయటి నుంచి బిల్డింగ్ మూసేస్తారు, ఫోన్లు పనిచేయవు, లోపలివాళ్లకు సంగతి చెప్పేవాడు లేడు. ఇక ఏంజెలాకు పట్టుదల వస్తుంది: జరిగేదంతా రికార్డ్ కావాలి, జనానికి తెలియాలి. పోలీసు ఆపమన్నా ఆపరు. ఆపమనే పాత్ర ఉండటం చూశావా? ప్రేక్షకుడి ప్రశ్న కథలోనే ఒకడు అడిగేస్తున్నాడు.

రవళి: చివర్లో మాత్రం రికార్డింగ్ పిచ్చి ఎవరికీ ఉండదు కదా. బతికితే చాలు.

మధు: అక్కడే నాకు బాగా నచ్చింది. పై అంతస్తులో కరెంటు లేదు, కెమెరా లైటే దిక్కు. కెమెరా పారేస్తే చీకటే. అటక మీద ఏముందో చూడాలని పాబ్లో కెమెరాను పైకి పెట్టి మెల్లగా చుట్టూ తిప్పుతాడు. తల పెట్టడానికి భయం కాబట్టి కెమెరా పెట్టాడు. ఒక్కసారిగా పైనున్న పిల్లాడు కొడతాడు, లైటు పగిలిపోతుంది. మిగిలింది నైట్ విజన్. ఇప్పుడు వాళ్లకు కళ్లే ఆ కెమెరా. ‘ఎందుకు పారేయడు’ అన్న ప్రశ్నకు ఇక చోటే లేదు.

రవళి: మరి ఊపుడు? నాకైతే తల తిరుగుతుంది.

మధు: ఊగడం అంటే కెమెరా వెనక ఒక ఒళ్లు ఉందని చెప్పడం. మెట్లెక్కితే అడుగడుగుకీ అదురుతుంది, పరిగెత్తితే ఫ్రేమ్‌లో నేలా గోడలే ఎక్కువ, ఆగితే ఆయాసానికి మెల్లగా కదులుతుంది. దొంగ ఊపుడు ఇట్టే దొరికిపోతుంది: మనిషి సోఫాలో కూర్చుని మాట్లాడుతున్నా ఫ్రేమ్ ఊగుతూనే ఉంటుంది. పాబ్లో పడిపోయినప్పుడు గమనించు, కెమెరా నేల మీద ఉంటుంది, ఊపు లేదు. ఒళ్లు పోయిందని ఆ నిశ్చలమే చెబుతుంది.

రవళి: అయితే ఊపు తప్పనిసరి కాదన్నమాట.

మధు: కాదు. 2007దే ‘పారానార్మల్ యాక్టివిటీ’లో రాత్రి సీన్లకు కెమెరాను బెడ్‌రూమ్‌లో ట్రైపాడ్ మీద పెట్టేస్తారు. రాత్రిళ్లు ఏం జరుగుతోందో చూడాలన్నది ఆ ఇంట్లో ఉండే జంట కారణం. ఫ్రేమ్ మూలనున్న గడియారం అంకెలు గబగబా పరుగెత్తుతుంటే, ఆ అమ్మాయి మంచం పక్కన గంటలు గంటలు నిలబడే ఉంటుంది. అక్కడ కెమెరా ఊగితే భయమే ఉండదు.

రవళి: మన చిక్కడపల్లిలో పాత అపార్ట్‌మెంట్‌లో ఫోన్‌తో ఇలాంటి షార్ట్ ఫిల్మ్ తీస్తే?

మధు: ఫోన్‌తో సగం పని సులువు. కెమెరా, టార్చ్ రెండూ అదే, కాబట్టి చేతిలో ఉంటుంది. కానీ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది: 100కి ఫోన్ చేయొచ్చు కదా? లిఫ్ట్‌లో ఇరుక్కున్నారనో, సిగ్నల్ లేదనో ముందే చూపించాలి. అవసరం పడ్డ నిమిషంలో సిగ్నల్ పోతే జనం నవ్వుతారు. ఇంకోటి, ఒకటే ఫోన్ అన్నాక ఒకే మాటకు రెండు యాంగిల్స్ కట్ చేయకూడదు. ఎడిటింగ్ టేబుల్ దగ్గర చేయి దురద పెడుతుంది, నిజమే.

రవళి: కనీసం రీరికార్డింగ్ అయినా పెట్టుకోవచ్చా?

మధు: పెట్టుకో. కాకపోతే దొరికిన వీడియోకి మ్యూజిక్ వేసింది ఎవరు, ఎందుకు వేశాడు అని ఇంకో పాత్రను రాసుకోవాలి.