గ్రిల్ కింద ఆ చివరి నిమిషం

అందరికీ నమస్కారం. ఓవెన్‌తో చేసే పనులన్నిటిలో చిన్నదాని గురించే ఇవాళ మాట్లాడతాను. బ్రెడ్ ముక్కని దోరగా కాల్చడం, క్యాప్సికమ్ తొక్కని నల్లగా కాల్చి వలవడం. ఈ రెండూ గ్రిల్ మోడ్‌లో జరిగే పనులే. కేక్ చక్కగా చేసేవాళ్లు కూడా వీటి దగ్గర తడబడటం నేను చాలాసార్లు చూశాను. నేనూ తడబడ్డాను, అది కాసేపట్లో చెప్తాను.

ముందు పేరు సంగతి. కొన్ని ఓవెన్ల మీద గ్రిల్ అని ఉంటుంది, అమెరికా వంటకాల్లో బ్రాయిల్ అని రాస్తారు. ఓవెన్‌కి సంబంధించినంతవరకు రెండూ ఒకటే: పై రాడ్లు మాత్రమే వెలుగుతాయి, కింది రాడ్లు వెలగవు. నాబ్ మీద అక్షరాలు లేకుండా బొమ్మలే ఉంటే, డబ్బాలో పైభాగాన వంకర గీత ఉన్న బొమ్మ సాధారణంగా గ్రిల్‌ది. పైనా కిందా ఒక్కో తిన్నని గీత ఉంటే అది బేకింగ్‌ది. వంకర గీతతో పాటు ఫ్యాన్ కూడా ఉందంటే గ్రిల్‌కి గాలి తోడైందన్నమాట. మందంగా ఉన్నవి లోపలి దాకా ఉడకాలంటే ఆ ఫ్యాన్ పనికొస్తుంది. పైన రంగు మాత్రమే కావాలనుకున్నప్పుడు, ముఖ్యంగా బ్రెడ్‌కి, నేను వాడను. గాలి ఆడుతూ ఉంటే రంగు రాకముందే ముక్క ఎండిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. చలిమంట ముందు కూర్చున్నప్పుడు ముఖం చుర్రుమంటుంది, వీపు మాత్రం చల్లగానే ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి రెండు వైపులా దాదాపు ఒకటే. ముఖాన్ని కాల్చేది మంట నుంచి నేరుగా వచ్చే సెగ. గ్రిల్ కూడా అంతే. బేకింగ్‌లో పెట్టె మొత్తం వేడెక్కి పదార్థాన్ని అన్ని వైపుల నుంచీ ఉడికిస్తుంది. గ్రిల్‌లో ఎర్రగా కాలిన రాడ్డు కిందికి సెగ కొడుతుంది, ఆ సెగకి ఎదురుగా ఉన్న పైభాగమే కాలుతుంది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే రాక్ ఏ ఎత్తులో ఉండాలో, ఎంతసేపు ప్రీహీట్ చేయాలో మనమే తేల్చుకోగలం.

నేను తడబడింది ప్రీహీట్ దగ్గరే. కేక్‌కి ఓవెన్ బాగా వేడెక్కాలి కదా అని గ్రిల్‌కీ అదే అలవాటు చేసుకున్నాను. 200 డిగ్రీలకి పెట్టి, తలుపు మూసి, 20 నిమిషాలు వదిలేశాను. తర్వాత బ్రెడ్ ముక్కలు పెట్టి నాలుగు నిమిషాలు చూశాను. రంగు రాలేదు. ఇంకో నాలుగు నిమిషాలకి తీసి చూస్తే ముక్కలు రస్క్‌లా గట్టిపడ్డాయి, పైన మాత్రం తెల్లగానే ఉన్నాయి. ఓవెన్ పాడైందనుకున్నాను. దానికేం కాలేదు. అది నేను చెప్పినట్టే చేసింది.

ఏం జరిగిందంటే, ఓవెన్‌లో థర్మోస్టాట్ చూసేది గాలి వేడిని. లోపలి గాలి 200కి చేరగానే అది రాడ్లకి కరెంటు ఆపేస్తుంది. చల్లబడితే మళ్లీ ఇస్తుంది. 20 నిమిషాల్లో గాలి ఆ వేడికి చేరిపోయింది. నేను బ్రెడ్ పెట్టి తలుపు మూసిన కాసేపటికే మళ్లీ చేరింది, రాడ్లు నల్లబడిపోయాయి. రాడ్డు ఎర్రగా లేనప్పుడు సెగ చాలా తగ్గిపోతుంది. మిగిలింది వేడి గాలి, అది బ్రెడ్‌ని ఎండబెట్టింది, అంతే.

అందుకే గ్రిల్ వాడేటప్పుడు రెండు పనులు చేస్తాను. ఒకటి, రంగు కోసమే అయితే నాబ్‌ని ఉన్నంతలో పై అంకెకి తిప్పుతాను, 230 గానీ 250 గానీ ఏది ఉంటే అది. గాలి అంత వేడికి చేరేలోపు నా పని అయిపోతుంది కాబట్టి రాడ్డు ఆరిపోదు. రెండోది, ప్రీహీట్ 5 నిమిషాలు చాలు. నాకు కావాల్సింది రాడ్డు అంతటా నారింజ రంగులో వెలగడం. కొన్ని ఓవెన్లలో రాడ్లు బయటికి కనిపించవు, వాటికీ 5 నిమిషాలే లెక్క. పదార్థం పెట్టాక రాడ్డు నల్లబడిందని కనిపిస్తే, ఒక్క క్షణం తలుపు తీసి వేడి గాలిని బయటికి పోనిస్తే మళ్లీ వెలుగుతుంది. తలుపు కొంచెం తెరిచి ఉంచి గ్రిల్ చేయాలా, మూసే చేయాలా అన్నది మాత్రం మీ ఓవెన్‌తో వచ్చిన పుస్తకంలో చూడండి. కొన్నిటికి తెరిచి ఉంచమనే రాస్తారు. మూయమని రాసిన ఓవెన్లలో తెరిచి ఉంచితే ఆ వేడి పైకి తన్ని నాబ్‌లు పాడవుతాయి.

ఇక రాక్ ఎత్తు. దీన్ని రాక్ నుంచి కొలిచేవాళ్లే ఎక్కువ. కొలవాల్సింది పదార్థం పైభాగం నుంచి రాడ్డు దాకా. ఉత్త బ్రెడ్ ముక్కకి, దాని మీద కుప్పగా చీజ్ వేసిన ముక్కకి ఎత్తులో ఒక అంగుళం దాకా తేడా రావచ్చు. గ్రిల్ కింద ఒక అంగుళం చిన్న విషయం కాదు.

బ్రెడ్‌కి నేను 4 అంగుళాలు వదులుతాను. ఇంకా దగ్గరైతే త్వరగా కాలుతుంది కదా అంటారు. కాలుతుంది, కానీ చారలుగా కాలుతుంది. రాడ్డుకి సరిగ్గా కింద ఉన్న చోట నలుపు, రెండు రాడ్ల మధ్య ఉన్న చోట తెలుపు. కొంచెం దూరం జరిపితే పక్కపక్క రాడ్ల సెగలు ఒకదానిలో ఒకటి కలిసి సమంగా పడతాయి. మరీ దూరం చేసి 7, 8 అంగుళాలకి దించితే రంగు వచ్చేలోపు ముక్క లోపలి దాకా ఎండిపోతుంది. కరకరలాడేలా ఉండాలంటే అదీ ఒక పద్ధతే, కాకపోతే పైన కరకర, లోపల మెత్తన కావాలంటే కుదరదు.

కొత్త ఓవెన్ కొన్నవాళ్లకి నేను ఒకే పని చెప్తాను. ఒకసారి రాక్ నిండా ఉత్త బ్రెడ్ ముక్కలు పరిచి, గ్రిల్ పెట్టి, తలుపు అద్దం ముందు కూర్చుని చూడండి. మా ఓవెన్‌లో చేసినప్పుడు మొదటి నిమిషంలో ఏమీ కనిపించలేదు. రెండో నిమిషానికి పెద్దగా తేడా లేదు, అంచుల మీద మాత్రం కొంచెం పసుపు. రెండు నిమిషాల నలభై సెకన్లకి మధ్య వరస ముక్కలు బంగారు రంగుకి వచ్చాయి. మూడు నిమిషాలకి గోధుమరంగు. మూడున్నరకి వెనక ఎడమ మూల ముక్క నల్లబడి పొగ వచ్చింది, తలుపు దగ్గరి ముక్కలు అప్పటికీ లేత రంగులోనే ఉన్నాయి. ఆ ఒక్క రొట్టె ఖర్చుతో ఓవెన్‌లో సెగ ఎక్కడ ఎక్కువో తెలిసిపోయింది. ఇప్పుడు సగం సమయం కాగానే ట్రేని వెనకది ముందుకి వచ్చేలా తిప్పుతాను.

ఈ లెక్కలో ఒక వింత ఉంది, గమనించారా? రెండు నిమిషాలు ఏమీ జరగలేదు, తర్వాత ఒకటిన్నర నిమిషంలో తెలుపు నుంచి నలుపు దాకా వెళ్లిపోయింది. కారణం నీళ్లు. బ్రెడ్ పైపొరలో తడి ఉన్నంతసేపూ వచ్చిన సెగంతా ఆ తడిని ఆవిరి చేయడానికే పోతుంది, పైపొర 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. రంగు రావాలంటే సుమారు 140 దాటాలి. తడి ఆరగానే వేడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. దానికి తోడు, ముదురు రంగు లేత రంగు కన్నా ఎక్కువ సెగ పీలుస్తుంది. అంటే కాలేకొద్దీ ఇంకా వేగంగా కాలుతుంది. అందుకే గ్రిల్‌లో సమయం సమంగా నడవదు. "మూడు నిమిషాలకి సగం రంగు వచ్చింది, ఇంకో మూడు ఉంచుదాం" అనే లెక్కతో ఎన్ని ముక్కలు బొగ్గయ్యాయో!

నేను టైమర్ పెడతాను, కానీ అనుకున్న సమయానికి కాదు, దానికన్నా ఒక నిమిషం ముందుకి. అది మోగిందంటే ఇక అక్కడి నుంచి కదలను, ఫోన్ వచ్చినా ఎత్తను. అద్దంలోంచి రంగు సరిగా తెలియకపోతే ముక్కు చెప్తుంది: కమ్మని వాసన గుప్పుమన్నప్పుడు ఇంకో పావు నిమిషమో అర నిమిషమో. ఘాటుగా మారిందంటే అప్పటికే ఎక్కడో మాడుతోంది. తీశాక ముక్కలని వేడి ట్రే మీదే వదలకండి, అడుగు కాలుతూనే ఉంటుంది.

పైన వెన్న, పంచదార లాంటివి రాస్తే లెక్క మారుతుంది. పంచదార బ్రెడ్ కన్నా ముందే నల్లబడుతుంది. చీజ్ వేసేటప్పుడు ముందు బ్రెడ్‌ని ఒక వైపు ఉత్తగా కాల్చి, తిప్పి, కాలని వైపు చీజ్ వేసి ఒక మెట్టు కిందికి దించుతాను. అప్పుడు అడుగు మెత్తబడదు, చీజ్ కరిగాకే బొబ్బలెక్కుతుంది.

నల్లగా కాల్చే పని దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. క్యాప్సికమ్ తొక్క మాడాలి, లోపలి కండ మాడకూడదు. అందుకని సెగ గట్టిగా, త్వరగా తగలాలి: 2, 3 అంగుళాల దూరం. కాయని అలాగే పెడితే పైవంపు రాడ్డుకి దగ్గరగా, పక్కలు దూరంగా ఉంటాయి. నాలుగైదు నిమిషాలకోసారి పటకారుతో తిప్పుతూ ఉండాలి. అంత ఓపిక నాకు లేదు. కాయని నిలువుగా కోసి, గింజలు తీసి, తొక్క పైకి వచ్చేలా ట్రే మీద బోర్లించి, అరచేతితో నొక్కి చదును చేస్తాను. ఎత్తంతా ఒకటే అవుతుంది కాబట్టి తిప్పే పని ఉండదు. ఎనిమిది నుంచి పన్నెండు నిమిషాలు పడుతుంది. ముందు తొక్క మెరుస్తుంది, తర్వాత బొబ్బలు లేస్తాయి, చిటపటమంటుంది, ఆ బొబ్బల కొనలు నల్లబడతాయి. ముప్పావు వంతు నలుపైతే తీసేయొచ్చు. వెంటనే గిన్నెలో వేసి పది నిమిషాలు మూత పెడితే ఆవిరికి తొక్క వదులై చేత్తో లాగితే వచ్చేస్తుంది. ఎక్కడైనా తొక్క అంటుకుని రాలేదంటే అక్కడ బొబ్బ లేవలేదన్నమాట. మళ్లీసారి ఆ వైపుని బాగా నొక్కి చదును చేయండి.

ఇంత దగ్గరగా పని చేసేటప్పుడు రాడ్డు కింద ఏది పెట్టకూడదో కూడా చెప్పాలి. బేకింగ్ కాగితం వద్దు, దాని అంచు లేచి రాడ్డుని తాకితే అంటుకుంటుంది. గాజు గిన్నెలు వద్దు, పైనుంచి ఒక్కసారిగా తగిలే సెగకి పగలొచ్చు. నాన్‌స్టిక్ ట్రే కూడా వద్దు. మామూలు లోహపు ట్రే చాలు. నూనె మరీ ఎక్కువ రాయకండి, పొగ క్యాప్సికమ్ నుంచి వస్తోందో నూనె నుంచి వస్తోందో తెలియదు. ఎప్పుడైనా లోపల మంట కనిపిస్తే తలుపు తీయకండి, స్విచ్ ఆపి మూసే ఉంచండి, గాలి అందక అదే ఆరిపోతుంది.

మైక్రోవేవ్‌లో ఉండే గ్రిల్ గురించి అడుగుతారని తెలుసు. చాలావాటిలో ఆ రాడ్డు బలం తక్కువ, కాబట్టి దానితో వచ్చిన ఎత్తు స్టాండ్ మీద పెట్టి, సమయం ఎక్కువ ఇవ్వండి. బ్రెడ్‌కి ఫరవాలేదు. క్యాప్సికమ్ మాత్రం తొక్క మాడేలోపు కండ ఉడికి మెత్తబడిపోతుంది, దానికి స్టవ్ మంటే నయం.