గోడ మీది నోటీసు, ఫోన్‌లో ఫోటో: జర్మనీ హాస్టల్లో మంటలొస్తే

అందరికీ నమస్కారం. జర్మనీకి వచ్చి నెల కూడా కాని వాళ్లు ఈ హాల్లో సగం మంది ఉన్నట్టున్నారు. బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్స్ సంగతులు నా తర్వాత మాట్లాడేవాళ్లు చెబుతారు. నేను రెండు ఫోటోల గురించి మాత్రమే మాట్లాడతాను. అందులో నేను చేసిన పొరపాటు కూడా ఉంది.

కిందటి ఏడాది అక్టోబరులో ఒక రాత్రి, కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడొకడు వాట్సాప్‌లో రెండు ఫోటోలు పంపాడు. ఒకటి ఎర్ర అంచున్న నోటీసు. రెండోది ఆకుపచ్చ దారులు గీసిన బిల్డింగ్ ప్లాను. "అన్నా, ఇది చదివాను అని సంతకం పెట్టమన్నారు. డిక్షనరీ పెట్టుకుని చదివా గానీ తలకెక్కట్లేదు. కాస్త తెలుగులో చెప్పవా" అన్నాడు.

ముందు నోటీసు. పైన పెద్ద అక్షరాలతో "ఫెర్‌హాల్టెన్ ఇమ్ బ్రాండ్‌ఫాల్" అని ఉంటుంది, అంటే మంటలొచ్చినప్పుడు ఎలా నడుచుకోవాలి అని. ఇలాంటి నోటీసుకు జర్మనీలో ఒక ప్రమాణం ఉంది, దాని నంబరు 14096. అందుకే మ్యూనిక్‌లో చూసినా బెర్లిన్‌లో చూసినా దాదాపు ఇవే మాటలు, ఇదే వరస. ఒక్కసారి అర్థమైతే ఏ ఊరి గోడ మీదైనా చదవగలరు.

మొదటి మాట "రూహె బెవారెన్". మా తమ్ముడు దీన్ని "నిశ్శబ్దం పాటించండి" అని రాసుకున్నాడు. తప్పు పూర్తిగా అతనిది కాదు. రూహె అంటే నిశ్శబ్దం అనే అర్థం కూడా ఉంది. రాత్రి పది తర్వాత హాస్టల్లో గొడవ చేయకూడదని చెప్పే నోటీసులో ఉండేదీ ఆ మాటే. పాపం, అతను దాన్ని అప్పుడే నేర్చుకున్నాడు. కానీ ఇక్కడ దాని అర్థం "కంగారు పడొద్దు" అని. అరవొద్దని కాదు. నిజానికి కొద్ది లైన్ల కింద "ప్రమాదంలో ఉన్నవాళ్లను హెచ్చరించండి" అని అదే నోటీసు చెబుతుంది. నిశ్శబ్దంగా ఎలా హెచ్చరిస్తాం? పక్క గది తలుపు బాదాలి, గట్టిగా అరవాలి.

ఆ తర్వాత మూడు భాగాలు ఉంటాయి: మంట సంగతి తెలియజేయడం, సురక్షితమైన చోటికి చేరడం, ఆర్పే ప్రయత్నం. ఈ వరసలోనే అసలు విషయం ఉంది. ఆర్పడం చివర్లో ఉంది, పైగా అక్కడ వాడిన మాట "లోష్‌ఫెర్‌జూఖ్", ఆర్పే ప్రయత్నం అని మాత్రమే. చెత్తబుట్టంత మంట అయితే, వెనక బయటికి దారి ఉంటే, మంటలార్పే ఎర్ర సిలిండర్ తీసి ప్రయత్నించొచ్చు. అంతకు మించితే మీ పని కాదు.

ఇక్కడొక మాట పక్కకు వెళ్లి చెబుతాను, ఎందుకంటే మనవాళ్ల వంటగదుల్లో ఇదే ఎక్కువ భయం. మూకుట్లో పూరీలు వేగుతుంటే నూనె అంటుకుందనుకోండి, నీళ్లు పోయకండి. నీళ్లు నూనె కంటే బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి, అక్కడి వేడికి ఒక్కసారిగా ఆవిరవుతాయి. ఆవిరి అయితే నీటి పరిమాణం దాదాపు 1700 రెట్లు పెరుగుతుంది. అది మండే నూనెను పైకి ఎగజిమ్ముతుంది, కప్పు దాకా మంట లేస్తుంది. స్టవ్ ఆపి, మూత పెట్టి, చల్లారేదాకా ఆ మూత తీయకుండా ఉండటమే దారి.

మళ్లీ నోటీసుకు వద్దాం. తెలియజేయడం అన్నచోట రెండు ఉంటాయి: గోడ మీది అలారం పెట్టె, 112 ఫోన్ నంబరు. మన దగ్గర 101, 108 అలవాటు, ఇక్కడ ఫైర్‌కీ అంబులెన్స్‌కీ 112 ఒక్కటే. సిమ్ లేని ఫోన్ నుంచి జర్మనీలో 112 పోదు, 2009 నుంచి అలా చేశారు. కాబట్టి పాత సిమ్ తీసేసి కొత్తది ఇంకా వేయని ఆ రెండు రోజులూ ఫోన్ ఉందని ధీమా పడకండి.

పెట్టెల దగ్గర రంగు చూడండి. ఎర్ర పెట్టె మీద "ఫోయర్‌వేర్" అని ఉంటే అది ఫైర్ సర్వీస్‌కి కబురు పంపేది. నీలం పెట్టె మీద "హౌస్‌అలార్మ్" అని ఉంటే అది ఆ బిల్డింగ్‌లో మోగుతుంది, అంతే. ఫైర్ ఇంజన్ రాదు. మా తమ్ముడి ఫ్లోర్‌లో ఉన్నది నీలం పెట్టె. అద్దం పగలగొట్టి బటన్ నొక్కి, "చెప్పేశాం కదా" అని కిందికి దిగి నిలబడితే, బయట యాభై మంది నిలబడి ఉంటారు, 112కి ఒక్కరూ ఫోన్ చేసి ఉండరు. నీలం నొక్కినా ఫోన్ చేయాల్సిందే.

ఫోన్‌లో ముందు చెప్పాల్సింది ఎక్కడ అన్నది. "ఎస్ బ్రెన్ట్" అనండి, మంటలంటుకున్నాయి అని అర్థం. తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పండి. వీధి పేరు, ఇంటి నంబరు, ఎన్నో అంతస్తు. మనం ఫ్లాట్ నంబరు చెప్పడానికి అలవాటు పడ్డాం, కానీ ఇక్కడ మామూలు అపార్ట్‌మెంట్లలో చాలా చోట్ల ఫ్లాట్లకు నంబర్లే ఉండవు. కాలింగ్ బెల్ మీద ఉన్న పేరే గుర్తు. అందుకని బెల్ మీద మీ పేరు లేకుండా నెలల తరబడి ఉండకండి. చెప్పడం అయ్యాక మీరు పెట్టేయకండి, అవతలివాళ్లు ఇంకా ఏమైనా అడుగుతారేమో ఆగాలి. నోటీసులో ఆ మాట కూడా రాసి ఉంటుంది.

ఇప్పుడు రెండో ఫోటో, నా పొరపాటు.

ప్లాను చూసి నేను చాలా ధీమాగా వాయిస్ మెసేజ్ పెట్టాను. "గదిలోంచి బయటికొచ్చి ఎడమకు తిరుగు, మూడో తలుపు మెట్లు." మర్నాడు నడిచి చూసి ఫోన్ చేశాడు. "అన్నా, మూడో తలుపు వాషింగ్ మెషిన్ల గది. అటు ఇంక దారి లేదు."

ఏమైందంటే, వెలుతురు బాగుందని అతను కింద ఎంట్రెన్స్‌లో ఉన్న ప్లానును ఫోటో తీశాడు. గది ఉన్నది మూడో అంతస్తులో. ప్లాను ఒక్కో అంతస్తుకు ఒక్కోటి. మూలలో "ఎర్డ్‌గెషోస్" అని చిన్న అక్షరాల్లో రాసే ఉంది, అంటే గ్రౌండ్ ఫ్లోర్. నేనే చూసుకోలేదు. "3. ఓబర్‌గెషోస్" అని ఉండాలి. అంతస్తుల లెక్క మనలాగే, గ్రౌండ్ మీద మొదటిది మొదటి అంతస్తు, అందులో తికమక లేదు.

సరే, పైకెళ్లి కొత్త ఫోటో పంపాడు. ఈసారి అంతస్తు సరైనదే, కానీ ఇంకో చిక్కు. ఈ ప్లానులను గోడకు ఒక పద్ధతిలో తగిలిస్తారు. దాని ఎదురుగా నిలబడితే కాగితం మీద ఎడమ ఉన్నది నిజంగా మీ ఎడమవైపు ఉంటుంది. నీలం చుక్క, పక్కన "ష్టాండ్‌ఓర్ట్" అనే మాట, మీరు ఇక్కడున్నారు అని. ఆ చుక్క మీ గదిది కాదు, ఆ కాగితం తగిలించిన గోడది. అదే వరండాలో ఎదురు గోడకు ఇంకో ప్లాను ఉంటే అది తలకిందులుగా గీసినట్టు కనిపిస్తుంది, రెండూ సరైనవే. ఫోటో తీసి గదిలోకొచ్చి మంచం మీద పడుకుని చూస్తే మాత్రం ఎడమా కుడీ గ్యారంటీ లేదు. దూరంగా ఇంకో ఊళ్లో కూర్చున్న నాకు అసలే లేదు.

అందుకని ఈసారి నేను ఎడమ కుడి చెప్పలేదు. "ఫోన్ పట్టుకుని ప్లాను ఎదురుగా నిలబడు. నీ గది ఏదో వేలితో చూపించి ఇంకో ఫోటో తీయి. ఆకుపచ్చ బాణాల వెంట నడుస్తూ తలుపులు లెక్కపెట్టు, చేత్తో గోడ తడుముతూ వెళ్లు" అన్నాను. పొగలో కళ్లు పనిచేయవు, లెక్క పనిచేస్తుంది. అతను నడిచి వచ్చి చెప్పినదాన్ని బట్టి తెలుగులో రాసిన మెసేజ్ ఇది, చదువుతాను:

"అలారం మోగితే బూట్లు, ఫోన్, తాళం చెవి తీసుకో. గది తలుపు మీద అరచేతి వెనకవైపు ఆనించు. వేడిగా లేకపోతే మెల్లగా తెరువు. వరండాలో పొగ లేకపోతే బయటికొచ్చి తలుపు మూసెయ్. కుడిచేతి గోడ పట్టుకుని నాలుగు తలుపులు దాటు, అయిదోది మెట్ల తలుపు. లిఫ్టు వద్దు. దారిలో పక్క గదుల తలుపులు బాదు. కిందికి దిగి సైకిల్ స్టాండు వెనక, ఆకుపచ్చ బోర్డు దగ్గర నిలబడు. అక్కడి నుంచి కదలకు. 112కి ఎవరైనా చేశారా అని అడుగు, లేదంటే నువ్వే చెయ్."

తలుపు మూసెయ్ అన్న దగ్గర అతను ఆగాడు. ఇక్కడి గది తలుపులకు బయట చాలాసార్లు పిడి ఉండదు, గుండు ఉంటుంది. మూస్తే తాళం లేకుండా తెరవలేం. ఆ భయంతోనే కొత్తవాళ్లు తెరిచి వదిలేస్తారు. మూసిన తలుపు పొగను ఆపుతుంది, వెనకాల వచ్చేవాళ్లకు మెట్లు మిగులుస్తుంది. తాళం చెవి జేబులో ఉంటే ఆ భయం లేదు.

ఆకుపచ్చ బోర్డు అంటే "జామెల్‌ప్లాట్స్", నాలుగు మూలల నుంచి బాణాలు మధ్యలో ఉన్న మనుషుల వైపు చూపే గుర్తు. అక్కడికి చేరకుండా స్నేహితుడి గదికి వెళ్లిపోయారనుకోండి, మీరు లోపలే ఉన్నారేమోనని ఫైర్ సిబ్బంది పొగలోకి వెతకడానికి వెళ్తారు.

ఆ నోటీసులో లేనిది ఒకటి నేను కలిపాను. వరండా పొగతో నిండి ఉంటే ఏం చేయాలి? బయటికి పరుగెత్తకూడదు. తలుపు మూసి, కింద సందులో తడి తువ్వాలు కుక్కి, కిటికీ దగ్గర కనబడేలా నిలబడి, 112కి చేసి ఏ గదిలో ఉన్నారో చెప్పాలి. ఇక్కడి బిల్డింగ్ నియమాల ప్రకారం ప్రతి ఇంటికీ రెండో దారి ఉండాలి, అది చాలాసార్లు ఫైర్ సర్వీస్ నిచ్చెన అందే కిటికీయే. కిటికీ అడుగు నేల నుంచి 8 మీటర్ల పైన ఉంటే మామూలు నిచ్చెన కాదు, నిచ్చెన ఉన్న పెద్ద బండి రావాలి. ఆ బండి నిలబడే స్థలంలోనే మనవాళ్లు బంధువుల కారు పార్క్ చేస్తారు. బోర్డు ఉంటుంది, చూడండి.

చివరగా, అతను నడిచినప్పుడు గమనించిన ఒక విషయం. మెట్ల దగ్గరి బరువైన తలుపు, అంటే మంటను, పొగను ఆపడానికి పెట్టిన తలుపు, చెక్కముక్కతో తెరిచి ఉంచారు. దాని పక్కనే మూడు జతల చెప్పులు. అతను చెక్కముక్క తీసేశాడు, మర్నాడు మళ్లీ ఉంది. హౌస్‌మైస్టర్‌కి, అంటే బిల్డింగ్ చూసుకునే ఆయనకు, ఫోటోతో మెయిల్ పెట్టాడు. రెండు రోజుల్లో ముక్క పోయింది. చెప్పులు మాత్రం మనవాళ్లవే, వాటిని అతనే లోపల పెట్టించాడు.